పై అంతస్తు చప్పుడు: ఇరవై ఒక్క రాత్రుల కేసు షీటు

నిద్ర పట్టడం లేదని చెప్పే రోగిని మేము అడిగే ప్రశ్నలు దాదాపు ఒకే వరుసలో ఉంటాయి. ఎన్నాళ్ల నుంచి? పడుకోగానే పట్టడం లేదా, పట్టిన నిద్ర మధ్యలో చెడుతోందా? ఎన్ని గంటలకు మెలకువ వస్తోంది? ప్రతి రాత్రీ ఇంతేనా, కొన్ని రాత్రులేనా? "ఎప్పుడూ ఇంతే డాక్టర్ గారూ, రాత్రంతా జాగారమే" అని రోగి అంటాడు. ఆ మాటను మేము అబద్ధమని అనుకోము, రోగ నిర్ధారణకు పనికొచ్చే సమాచారమనీ అనుకోము. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వాసుపత్రుల ఓపీలో కూర్చుని ఈ ప్రశ్నలు వేసిన నేను, నా ఇంటి విషయం వచ్చేసరికి సరిగ్గా ఆ రోగిలాగానే ఫిర్యాదు రాశాను. అది 2024 మే నెల చివరి మాట.

మేము ఉండేది పేట్ బషీరాబాద్‌లో, సుచిత్ర దాటి మేడ్చల్ వైపు వెళ్లే జాతీయ రహదారికి కొంచెం లోపలగా ఉన్న ఒక అపార్ట్‌మెంటులో. మాది మూడవ అంతస్తు. మా నెత్తిన ఉన్న ఫ్లాటులోకి ఆ వేసవిలో ఒక కుటుంబం అద్దెకు వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఆయన భార్య, చదువు ముగించి కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆయన తమ్ముడు. యజమాని విదేశంలో ఉంటారు. వారు వచ్చిన నెలలోపే రాత్రి పన్నెండు దాటాక పైనుంచి చప్పుళ్లు మొదలయ్యాయి. మా ఇంటావిడకు డెబ్బై ఒకటి, రక్తపోటుకు పదిహేనేళ్లుగా మందులు వాడుతోంది. మే నెలలో ఆమె ఉదయపు రక్తపోటు అదుపు తప్పడం మొదలైంది. ఒకరోజు పొద్దున్నే కాఫీ గ్లాసు నా ముందు పెట్టి, "నాకో నిద్రమాత్ర రాసివ్వండి, ఇక నా వల్ల కాదు" అన్నది.

నేను రాయలేదు. డెబ్బై దాటినవారికి అల్ప్రజోలం వంటి మాత్రలు ఇస్తే రాత్రి బాత్‌రూమ్‌కు లేచినప్పుడు తూలి పడే ప్రమాదం ఎక్కువవుతుంది. అలా పడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్న పెద్దవారిని వార్డులో చాలామందిని చూశాను. పైగా ఇక్కడ రోగం ఆమెది కాదు, చప్పుడుది. చప్పుడుకు మందు ఆమెకు వేయడం సబబు కాదు. చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు ప్రయత్నించాం. అవి మాటలను, హారన్ల వంటి కీచు శబ్దాలను బాగానే తగ్గిస్తాయి గానీ, స్లాబు గుండా దిగివచ్చే దిమ్మ శబ్దానికి అంతగా ఉపయోగపడవు. వారం రోజులకే ఆమె చెవిలో గులిమి గట్టిపడి, దాన్ని తీయించుకోవలసి వచ్చింది.

దానితో సొసైటీ సెక్రటరీ గారికి ఉత్తరం రాశాను. అంతకుముందే చేసిన తప్పు ఒకటి ఉంది, అదీ చెప్పుకోవాలి. ఒక అర్ధరాత్రి కోపం పట్టలేక అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో "కొందరికి ఇరుగుపొరుగు అనే స్పృహ లేకపోవడం విచారకరం" అని పెట్టాను. తెల్లవారేసరికి నలభై సందేశాలు. సగం మంది నన్ను సమర్థించారు, కుక్కల విషయం ఒకరు, పార్కింగు విషయం ఇంకొకరు ఎత్తారు, పై ఫ్లాటు వారు మాత్రం ఒక్క మాటా అనలేదు. తరువాత లిఫ్టులో ఎదురైతే ముఖం తిప్పుకున్నారు. నలుగురిలో వేలెత్తి చూపించాక ఏ మనిషీ తన తప్పును తీరిగ్గా ఆలోచించడు.

నా మొదటి ఉత్తరంలో "ప్రతిరోజూ", "రాత్రంతా", "భరింపరాని", "బాధ్యతారహితమైన" అనే మాటలన్నీ ఉన్నాయి. ఒకే ఒక్క తేదీ ఉంది, మే 26, ఆదివారం. ఆ రాత్రి రెండున్నర ప్రాంతంలో అరగంట సేపు ఆగకుండా గొణుగుతున్నట్లు వినిపించి, ఇద్దరమూ లేచి కూర్చున్నాం కనుక బాగా గుర్తుంది. సెక్రటరీ గారు మర్యాదస్థుడు. ఆ ఉత్తరం పట్టుకుని పై ఫ్లాటుకు వెళ్లారు. మర్నాడు మా ఇంటికి వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, కాస్త మొహమాటపడుతూ చెప్పారు.

"డాక్టర్ గారూ, మే 26న వాళ్లు ఊళ్లోనే లేరండి. శనివారం పొద్దున బయలుదేరి వాళ్ల ఊరు వెళ్లారు. బస్సు టికెట్లు చూపించారు. మిగతా రోజుల సంగతి మీరు తేదీలు ఇవ్వలేదు. నేనేం మాట్లాడేది?"

నాకు సమాధానం లేకపోయింది. నేను చెప్పిన ఒకే ఒక్క ఆధారం తప్పని తేలాక, మిగతా ఉత్తరమంతా ముసలాయన చాదస్తంగా మిగిలింది. ఆ రాత్రి చప్పుడు మాత్రం నిజం. ఇద్దరం విన్నాం. పైన మనుషులు లేకుండా పైనుంచి చప్పుడెలా వచ్చింది?

అప్పుడు పాత అలవాటు తలకెక్కింది. జ్వరమని వచ్చినవాడికి ముందు చార్టు పెడతాం. నాలుగు గంటలకొకసారి వేడి రాసుకుంటూ పోతే, రోజు విడిచి రోజు వచ్చే చలిజ్వరమా, ఎడతెగకుండా ఉండే జ్వరమా అన్నది కాగితం మీద దానంతట అదే కనిపిస్తుంది. చప్పుడుకూ అలాగే చార్టు పెట్టాలనుకున్నాను. ఒక నోటు పుస్తకం, పెన్ను, చిన్న టార్చి మంచం పక్కన పెట్టుకున్నాను. జూన్ 10 సోమవారం మొదలుకొని జూన్ 30 ఆదివారం వరకు, మూడు వారాలు అని గడువు ముందే నిర్ణయించుకున్నాను. గడువు ముందే పెట్టుకోవడం ముఖ్యం. లేకపోతే మనకు కావలసిన ఫలితం వచ్చిన రోజున లెక్క ఆపేస్తాము.

దానికంటే ముందు ఒక పని చేశాను. నా చెవిని అనుమానించాను. వయసుతో వచ్చే వినికిడి లోపం మొదట కీచు శబ్దాలను తీసుకుపోతుంది, దిమ్మ శబ్దాలను చాలాకాలం మిగులుస్తుంది. అందువల్ల పెద్దవారికి పక్కగదిలో మాటలు వినపడకపోయినా పై అంతస్తు దబదబలు వినపడతాయి. ఇంట్లో పిల్లలు "నీకు చెముడు కదా తాతయ్యా, అదెలా వినపడింది?" అని నవ్వుతారు గానీ అందులో వింతేమీ లేదు. ఇక కొందరికి చెవిలోనే హోరు, గుండె కొట్టుకున్నట్లు లయగా వినపడే చప్పుడు ఉంటుంది. బయటి శబ్దం లేకపోయినా ఉన్నట్లే తోస్తుంది. తేడా తెలుసుకోవడానికి ఒక పద్ధతి: గది మారి చూడటం, ఇంకొకరికి వినపడుతోందా అని అడగటం. హోరు మనతోపాటు ఏ గదికైనా వస్తుంది, పక్కవారికి వినపడదు. నా విషయంలో హాల్లోకి వెళితే చప్పుడు తగ్గింది, మా ఇంటావిడకూ వినపడింది. కాబట్టి రోగం నా చెవిలో లేదు.

పుస్తకంలో ఏమేమి రాయాలన్నది అనుభవంతో కుదిరింది. మొదలైన సమయం, ఆగిన సమయం, చప్పుడు స్వభావం, ఎటువైపు నుంచి, కిటికీలు మూసి ఉన్నాయా, నాకు మెలకువ వచ్చిందా, ఆమెకు వచ్చిందా, తిరిగి నిద్ర పట్టడానికి ఎంతసేపు పట్టింది. అంతే. ఎవరు చేశారన్న గడి పెట్టలేదు. అది నిర్ధారణ, చార్టులో లక్షణాలే ఉండాలి. చప్పుడు ఉండగానే గడియారం చూసి రాయడమే నియమం. పొద్దున్నే గుర్తు తెచ్చుకుని రాస్తే ఇరవై నిమిషాలు గంటగా మారిపోతుంది, ఆ సంగతి నిద్రలేమి రోగులందరిలోనూ చూశాను. ప్రశాంతంగా గడిచిన రాత్రులను కూడా "ఏమీ లేదు" అని తప్పకుండా రాశాను. ఆ ఖాళీ రాత్రులే చివరికి మిగతావాటికి విలువ తెచ్చాయి.

ఫోనులో శబ్దం కొలిచే యాప్ కూడా వేసుకున్నాను. ఇక్కడ పాఠకులు ఒక సంగతి గమనించాలి. మామూలుగా వాడే డెసిబెల్ కొలత మనిషి చెవిని అనుకరించి దిమ్మ శబ్దాలను కొంత తగ్గించి లెక్కిస్తుంది. ఫోను మైకు కూడా మాటల కోసం చేసినదే. అందువల్ల పై అంతస్తులో సబ్‌వూఫర్ మోగుతున్నప్పుడు మంచం పట్టె మీద చెయ్యి పెడితే అదురు తెలుస్తుంటే, తెర మీద అంకె మాత్రం నిశ్శబ్దపు రాత్రి కంటే ఏడెనిమిదే ఎక్కువ చూపించింది. ఆ అంకెను ఫిర్యాదులో ఆధారంగా పెట్టలేదు. సరిచూడని పరికరంతో తీసిన కొలతను ఎదుటివారు ఒక్క ప్రశ్నతో కొట్టిపారేయవచ్చు. ఫోనును రికార్డు చేయడానికి మాత్రం వాడాను. ఒక్కో రకం చప్పుడుకు ఒక్క నిమిషం చాలు.

మొదటి వారం తిరిగేసరికి ఒక సంగతి తేలింది. నేను ఒకే చప్పుడు అనుకుంటున్నది నిజానికి మూడు చప్పుళ్లు.

మొదటిది సినిమా లేదా సంగీతపు దిమ్మ. పది తరువాత మొదలై పన్నెండున్నర, ఒంటిగంట దాకా సాగేది. మాటలు వినపడవు, కింది శ్రుతి మాత్రం గోడ గుండా, స్లాబు గుండా వచ్చేది. ఇది జూన్ 14, 15, 19, 21, 22, 28 తేదీల్లో వచ్చింది. పందొమ్మిదవ తేదీ బుధవారం తప్ప మిగిలినవన్నీ శుక్ర, శనివారాలే.

రెండవది దెబ్బ. పన్నెండు నలభై, ఒంటిగంట మధ్యలో ఏదో బరువైనది నేలమీద దించినట్లు ధన్‌మని, నిమిషం ఆగి మళ్లీ, ఇలా పాతిక ముప్పై నిమిషాలు. జూన్ 11, 13, 18, 20, 25 తేదీలు. అన్నీ మంగళ, గురువారాలే. ఇంత నియమంగా వచ్చే చప్పుడు అల్లరిది కాదు, దినచర్యదని అప్పటికే అనుమానించాను.

మూడవది గొణుగుడు. రెండు, మూడు గంటల నడుమ మొదలై దాదాపు అరగంట సాగి, ఆగేటప్పుడు ఒకే ఒక్క పెద్ద దెబ్బతో ముగిసేది. జూన్ 12, 17, 24. మే 26న మేము విన్నది ఇదే.

పన్నెండవ తేదీ రాత్రి అది వినపడగానే లేచి ఫ్యాను ఆపి, గోడల మీద చెవి ఆన్చుకుంటూ తిరిగాను. మా ఇంటావిడ దుప్పటి తొలగించి చూసి, "ఏమిటా పని, గోడకు స్టెతస్కోపు పెడతారా?" అంది. నిజానికి అది మంచి సలహా. పాత స్టెతస్కోపు బీరువాలో ఉంది. తీసి పెట్టి చూస్తే పైకప్పు దగ్గర కంటే బాత్‌రూమ్ పక్క గోడ దగ్గర చప్పుడు ఎక్కువగా ఉంది. ఆ గోడ వెనుక నుంచే సంపు నీళ్లను పై ట్యాంకుకు ఎక్కించే పైపు పోతుంది. కిందకు వెళ్లి వాచ్‌మన్‌ను అడిగాను. ఆ వేసవిలో నీటి ఎద్దడి సంగతి అందరికీ తెలిసిందే. పగలు దొరకని ట్యాంకరు అర్ధరాత్రి రెండింటికి వచ్చేది. సంపు నిండగానే అతను మోటారు వేసి, మిద్దె మీద ట్యాంకు నింపి పడుకునేవాడు. మోటారు అదురు పైపు క్లాంపుల ద్వారా మా గోడకు ఎక్కుతోంది. మోటారు ఆపగానే పైపులోని నీరు వెనక్కు జారి నాన్ రిటర్న్ వాల్వు ఠక్కున మూసుకుంటుంది. చివరి పెద్ద దెబ్బ అదే. గేటు దగ్గర ట్యాంకర్ల రిజిస్టరు చూశాను. జూన్ 12 ఉంది. వెనక్కు తిప్పితే మే 26 కూడా ఉంది. తరువాత 17, 24 తేదీలు నా పుస్తకంలోనూ ఆ రిజిస్టరులోనూ కలిశాయి.

అంటే ఊళ్లో లేని మనుషుల మీద నేను వేసిన నింద నిజానికి సొసైటీ మోటారుకు చెందవలసింది. సెక్రటరీ గారు కూర్చునే ఆఫీసు గది కిందే ఆ సంపు.

ఇరవై ఒక్క రాత్రుల లెక్క ఇలా తేలింది. దిమ్మ ఆరు రాత్రులు, దెబ్బ ఐదు, మోటారు మూడు. ఆరు రాత్రులు పూర్తిగా ప్రశాంతం. మిగిలిన ఒక్కటీ జూన్ 29, ఆ రాత్రి భారతజట్టు టీ20 ప్రపంచకప్ గెలిచింది. పైవారే కాదు, మేడ్చల్ రోడ్డు పొడుగునా టపాసులు కాల్చారు. నేనూ టీవీ ముందే ఉన్నాను. ఆ రాత్రిని లెక్కలో చేర్చలేదని ఫిర్యాదులో స్పష్టంగా రాశాను. "ప్రతిరోజూ" అని రాసిన మనిషి చివరికి పైవారి మీద నిలబెట్టగలిగింది పదకొండు రాత్రులు.

పదకొండు రాత్రులు తక్కువేమీ కాదు, ఎందుకో చెప్పాలి. గాఢనిద్రలో ఎక్కువ భాగం రాత్రి మొదటి మూడోవంతులోనే వస్తుంది. పదిన్నరకు పడుకున్నవారికి పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఉన్న సమయమే ఆ నిద్రకు అసలు కాలం. వయసు మీదపడినవారిలో గాఢనిద్ర ముందే తక్కువ. ఉన్న ఆ కాస్తా చెడితే తెల్లవారుజామున ఎంతసేపు పడుకున్నా పూడదు. రెండవ సంగతి రక్తపోటు. ఆరోగ్యవంతుల్లో రాత్రి నిద్రలో రక్తపోటు పగటికంటే పది నుంచి ఇరవై శాతం తగ్గాలి. గుండెకూ రక్తనాళాలకూ అదే విశ్రాంతి. యూరప్‌లో నాలుగు పెద్ద విమానాశ్రయాల దగ్గర నివసించే 140 మందికి రాత్రంతా రక్తపోటు కొలిచిన పరిశోధన ఒకటి 2008లో వెలువడింది. విమానం చప్పుడు వచ్చిన సమయాల్లో నిద్రలో ఉన్నవారి పై రక్తపోటు సగటున ఆరు పాయింట్లు పెరిగినట్లు అందులో చూశారు. మనకు పొద్దున్నే గుర్తుండని చప్పుడు కూడా శరీరానికి తెలుస్తుందన్నమాట. పడకగదిలో ఒక్కసారిగా వచ్చే చప్పుడు 45 డెసిబెల్ దాటరాదని, ఎడతెగని చప్పుడు 30కి మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే సూచించింది.

"హైవే లారీల మోత రాత్రంతా ఉంటుంది కదా, దానికి లేవని మీరు దీనికెందుకు లేస్తారు?" అని సెక్రటరీ గారు అడిగారు. మంచి ప్రశ్న. దూరపు లారీల మోత సన్నగా, ఒకే తీరుగా సాగుతుంది, మెదడు దానికి అలవాటుపడుతుంది. నిశ్శబ్దంలోంచి హఠాత్తుగా లేచి, మళ్లీ ఎప్పుడు వస్తుందో తెలియని దెబ్బకు అలవాటుపడదు. మొదటి దెబ్బకు మెలకువ వస్తే, రెండో దెబ్బ కోసం ఎదురుచూడటం వల్ల నిద్ర పట్టదు. మా పుస్తకంలో దెబ్బ రాత్రుల్లో తిరిగి నిద్ర పట్టడానికి ఆమెకు యాభై నిమిషాలకు తక్కువ ఎన్నడూ పట్టలేదు.

ఆమె రక్తపోటును వేరే కాగితం మీద రాశాను. ఉదయం మందు వేసుకోకముందు, ఐదు నిమిషాలు కూర్చున్నాక, నిమిషం తేడాతో రెండుసార్లు. చప్పుడు రాత్రుల మర్నాడు పై అంకె 150 పైన, ప్రశాంతమైన రాత్రుల మర్నాడు 140 లోపల ఉండేది. డాక్టరుగా నాకు ఇది రుజువు కాదని తెలుసు. రోజులు తక్కువ, కొలిచేది నేనే, చప్పుడు సంగతి ముందే తెలిసి కొలుస్తున్నాను. అందుకే ఫిర్యాదులో "నా భార్య రక్తపోటు రోగి, ఈ రాత్రుల్లో నిద్ర చెడుతోంది" అన్న ఒక్క వాక్యమే రాశాను. అంకెల కాగితం ఆమెను చూసే హృద్రోగ వైద్యునికి చూపించాను. ఆయన మందు మోతాదు మార్చకుండా ముందు నిద్ర సంగతి చూడమన్నారు.

రెండవ ఉత్తరం ఒక పేజీ దాటలేదు. దాని సారాంశం ఇది:

"గౌరవనీయులైన సెక్రటరీ గారికి. మే నెలలో నేనిచ్చిన ఉత్తరంలో మే 26 రాత్రి చప్పుడుకు పై ఫ్లాటు వారిని బాధ్యులను చేశాను. అది పొరపాటు. ఆ చప్పుడు మన మోటారుదని గేటు రిజిస్టరు వల్ల తెలిసింది. అందుకు వారికి నా క్షమాపణ తెలియజేయగలరు. జూన్ 10 నుంచి 30 వరకు రాసిన వివరాలు జతచేస్తున్నాను. నా కోరికలు మూడు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు సబ్‌వూఫర్ ఆపి ఉంచాలి. ఆ వేళల్లో బరువులు నేలమీద దించరాదు. అదే వేళల్లో సొసైటీ మోటారు నడపరాదు. ఫ్లాటు అద్దెకు ఇచ్చినది కనుక ప్రతిని యజమానికి కూడా పంపగలరు. రెండు వారాల్లో లిఖితపూర్వకంగా సమాధానం ఇవ్వగలరు."

పది నుంచి ఆరు అన్నది నా సొంత కొలత కాదు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాలు రాత్రి అంటే పది నుంచి ఆరు అని నిర్వచించాయి. నివాస ప్రాంతాల్లో ఆ వేళ సగటు శబ్దం 45 డెసిబెల్ దాటరాదు, ఇళ్లలోని సంగీత పరికరాల మోత ఆ ఇంటి సరిహద్దు దగ్గర ఆ ప్రాంతపు పరిమితి కంటే 5 డెసిబెల్‌కు మించి పెరగరాదు. 2005 జులై 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, తన ఇంట్లోనే అయినా ఇతరులకు బలవంతంగా చప్పుడు వినిపించే హక్కు ఎవరికీ లేదని తేల్చింది. అయితే చట్టానికి ఇక్కడ ఒక పరిమితి ఉంది. అది సగటును చూస్తుంది. అరసెకను ఉండే డంబెల్ దెబ్బ సగటులో కరిగిపోతుంది. దిమ్మ శబ్దాన్ని మామూలు కొలత తగ్గించి చూపుతుంది. పోలీసులు వచ్చేసరికి చప్పుడు ఆగిపోతుంది కూడా. అందువల్ల పక్కింటి ఫంక్షన్ హాలు డీజేకు పోలీసులకు ఫోను చేయడం సరైన మందే గానీ, నెత్తిమీది డంబెల్‌కు సొసైటీయే మొదటి మెట్టు. సెక్రటరీ గారికి నోటీసు ఇచ్చే, కమిటీ ముందు పెట్టే అధికారం ఉంది. నీళ్లో కరెంటో ఆపే అధికారం లేదు. ఒకరిద్దరు సభ్యులు నాకు ఆ సలహా ఇచ్చారు, నేను ఒప్పుకోలేదు.

ఈసారి సెక్రటరీ గారు పై ఫ్లాటు ఆయనను వెంటబెట్టుకునే వచ్చారు. క్షమాపణ వాక్యం పని చేసిందని ఆయన ముఖం చూడగానే అర్థమైంది.

"అంకుల్, బుధవారం పందొమ్మిదో తారీకు కూడా రాశారు. ఆ రోజు మా పెళ్లిరోజు. ఒప్పుకుంటాను" అన్నాడు, కాస్త నవ్వి. దెబ్బల సంగతి చెబితే తమ్ముణ్ణి పిలిచాడు. ఆ అబ్బాయి అమెరికా వేళలకు పనిచేస్తాడట. మంగళ, గురువారాల్లో మీటింగు పన్నెండున్నరకు ముగుస్తుంది. వెంటనే నిద్ర పట్టదు కనుక డంబెల్స్ ఎత్తుతాడు. నేను రికార్డు వినిపించాను. అతను తెల్లబోయాడు. "ఇంత వినపడుతుందా అంకుల్? నేను మెల్లగానే పెడుతున్నాననుకున్నా" అన్నాడు. అతని మాట నిజమే. పైగదిలో చిన్నగా వినపడే దెబ్బ కింది గదిలో పెద్దదవుతుంది, ఎందుకంటే స్లాబు మొత్తం తప్పెట చర్మంలా కదులుతుంది. పడుకోబోయే ముందు కఠిన వ్యాయామం అతని నిద్రకూ మంచిది కాదని చెప్పాను. ఫీజు తీసుకోలేదు.

చేసిన మార్పులు చిన్నవే. సబ్‌వూఫర్‌ను నేలమీద నుంచి తీసి మందపాటి ఫోమ్ మీద, మా పడకగదికి పైన కాకుండా హాలు మూలకు మార్చారు. పదింటికి దాని స్విచ్ ఆపుతామన్నారు. అబ్బాయి బరువులను సాయంత్రానికి మార్చుకుని, జిమ్ముల్లో వేసే దళసరి రబ్బరు పలకలు రెండు కొన్నాడు. యోగా చాప పరిస్తే చాలదా అని అడిగాడు. చాలదు, పలచని చాప గీతలను ఆపుతుంది గానీ దెబ్బను ఆపదు. అన్నిటికంటే ఆలస్యమైనది సొసైటీ పనే. మోటారు కింద రబ్బరు దిమ్మలు, పైపుకు మధ్యలో రబ్బరు జాయింటు, క్లాంపుల్లో రబ్బరు పట్టీలు వేయించడానికి రెండు కమిటీ సమావేశాలు పట్టాయి. రాత్రి ట్యాంకరు వస్తే సంపులో పోయించుకుని మోటారు తెల్లవారాకే వేయాలన్న ఉత్తర్వు మాత్రం ఆ రోజే గేటు దగ్గర అంటించారు.

జులైలో మరో మూడు వారాలు రాశాను. మందు ఇచ్చాక చార్టు ఆపేస్తే మందు పనిచేసిందో లేదో తెలియదు కదా. దిమ్మ రెండు రాత్రులు, రెండూ శనివారాలు, రెండూ పదకొండు లోపలే ఆగాయి. దెబ్బ ఒక్క రాత్రి. మోటారు సున్నా. ఆమె ఉదయపు రక్తపోటు మునుపటి మందుతోనే 140 లోపలికి వచ్చింది. వర్షాలు పడి వేడి తగ్గింది కూడా, కనుక ఘనత మొత్తం నిశ్శబ్దానికే ఇవ్వను.

ఆగస్టులో ఒక ఉదయం రెండవ అంతస్తులో, సరిగ్గా మా కింద ఉండే ఆయన తలుపు తట్టారు. చేతిలో మడిచిన కాగితం ఉంది. "డాక్టర్ గారూ, తప్పుగా అనుకోకండి. తెల్లవారుజామున నాలుగున్నరకు మీ బాల్కనీలోంచి ఏదో ఈడ్చిన చప్పుడు వస్తోంది. మా పాపకు పదో తరగతి, రాత్రి పన్నెండు దాకా చదువుతుంది" అన్నారు. నాలుగున్నరకు లేచి, ప్లాస్టిక్ కుర్చీ బాల్కనీలోకి లాక్కుని ప్రాణాయామం చేసేది నేనే. కాగితం విప్పి చూశాను. తొమ్మిది తేదీలు, పక్కన సమయాలు, ఖాళీ రోజుల ఎదురుగా చిన్న గీతలు. ఆ సాయంత్రం సుచిత్ర దగ్గర హార్డ్‌వేర్ దుకాణంలో కుర్చీ కాళ్లకు రబ్బరు తొడుగులు నాలుగు కొన్నాను.